పద్నాలుగు లీటర్ల ఆవుకు పాలు మాన్పించడం ఎలా?

ప్రశ్న: మా సంకర జాతి ఆవు మూడో ఈతలో ఉంది. మార్చి 5న కృత్రిమ గర్భధారణ చేయించాం, చూడి నిలిచింది. ఇప్పుడు సెప్టెంబరు చివరికి వచ్చినా రోజుకు పద్నాలుగు లీటర్లు ఇస్తూనే ఉంది. దాణా రోజుకు ఆరు కిలోలు పెడుతున్నాం. చేపడానికి దూడను ఇప్పటికీ విడుస్తున్నాం. ఒకరేమో ఒక్కసారిగా పితకడం మానేసి నీళ్లు తగ్గించమంటున్నారు, మరొకరు ఈనేదాకా పితుక్కోవచ్చంటున్నారు. ఈ ఈతలో కుడివైపు వెనక చన్నుకు ఒకసారి వాపు వచ్చి తగ్గింది, ఇప్పటికీ అప్పుడప్పుడు మొదటి ధారల్లో పలుకులు కనబడుతున్నాయి. పొదుగు చెడకుండా పాలు ఎలా మాన్పించాలి?

సమాధానం: ముందు తేదీలు చూసుకుందాం. ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు కాబట్టి మార్చి 5 నుంచి లెక్కిస్తే డిసెంబరు 10కి కాస్త అటూ ఇటూగా మీ ఆవు ఈనాలి. అక్కడి నుంచి అరవై రోజులు వెనక్కి వస్తే అక్టోబరు 11 అవుతుంది. ఆ రోజును చివరిసారి పాలు పితికే రోజుగా పెట్టుకుని, మిగతా పనులన్నీ దానికి ముందు సర్దుకోవాలి. మీకు కృత్రిమ గర్భధారణ తేదీ గుర్తుండటం మంచిదైంది. ఆ తేదీ రాసిపెట్టుకోని చోట పొట్ట చూసి, పొదుగు చూసి అంచనా వేయడం వల్లే వట్టిపోయే కాలం మరీ కురచగానో మరీ పొడుగ్గానో మారుతుంది.

ఈనేదాకా పితుక్కోవచ్చన్న సలహాను పక్కన పెట్టండి. పాలు ఆగిన తర్వాత పొదుగు ఊరికే ఉండదు. అరిగిపోయిన పాల కణాలు కరిగి, వాటి స్థానంలో కొత్తవి పుట్టుకొస్తాయి, ఆ తర్వాత చివరి రెండు మూడు వారాల్లో జున్నుపాలు చేరుతాయి. ఈ పనికి కనీసం నలభై అయిదు రోజులు కావాలి, అరవై ఉంటే నిశ్చింత. నలభై కంటే తగ్గితే వచ్చే ఈతలో పాలు తగ్గడం ఖాయంగా కనిపిస్తుంది, జున్నుపాలు కూడా తక్కువగా వస్తాయి. ఇప్పుడు రెండు నెలలు పితికి తీసుకునే పాలకంటే, వచ్చే ఈత పొడుగునా పోగొట్టుకునే పాలే సాధారణంగా ఎక్కువ. అలాగని డెబ్బై ఎనభై రోజులు ముందే మానేస్తే అదనంగా ఒరిగేదేమీ లేదు, ఆవు కొవ్వు పట్టి ఈనాక ఇబ్బంది పడుతుంది.

ఒక్కసారిగా మానేయమన్న మాట పూర్తిగా తప్పని నేను అనను. రోజుకు అయిదారు లీటర్లకు దిగిన ఆవును ఆ రోజే ఆపేసినా ఏమీ కాదు, అక్కడ మెల్లగా తగ్గించడానికి తగ్గించాల్సినదేమీ మిగలదు. పద్నాలుగు లీటర్ల ఆవు విషయం వేరు. పితకడం ఆపినా పొదుగు రెండు మూడు రోజులపాటు పాలు చేస్తూనే ఉంటుంది. ఆ పాలు లోపల నిండి ఒత్తిడి పెరిగినప్పుడే తయారీ ఆగుతుంది. అంటే పొదుగు బిగవడం అవసరమే, కాకపోతే ఎంత బిగుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఎక్కువ పాలున్న ఆవులో ఆ ఒత్తిడికి చన్ను చివరి రంధ్రం మూసుకోకుండా తెరుచుకునే ఉంటుంది, చాలా ఆవుల్లో పాలు కారుతాయి కూడా.

ఆ చన్ను చివర ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పాలు ఆగిన ఆవులో చన్ను సన్నని దారి లోపలి పొర నుంచి మైనంలాంటి పదార్థం ఊడి, ఆ దారికి బిరడాలా పడుతుంది. కొన్ని చన్నులకు నాలుగైదు రోజుల్లోనే అది పడుతుంది, కొన్నింటికి రెండు వారాలు పడుతుంది, కొన్ని చన్నులైతే ఈనేదాకా సరిగా మూసుకోనే మూసుకోవు. బిరడా పడనంత కాలం పేడలో, మురికి నేలలో ఉండే సూక్ష్మజీవులకు లోపలికి దారి తెరిచే ఉంటుంది. పైగా రోజూ పితికేటప్పుడు పాల ధారతోపాటు కొంత మలినం బయటికి కొట్టుకుపోతుంది, ఇప్పుడు ఆ అవకాశమూ లేదు. అందుకే కొత్తగా పొదుగువాపు సోకడానికి పాలు ఆపిన తర్వాతి రెండు వారాలు, మళ్లీ ఈనడానికి ముందు వెనకల రెండు వారాలు ఎక్కువ ప్రమాదకరమైనవి. ఈనిన వారంలోపు బయటపడే పొదుగువాపుల్లో చాలావాటికి బీజం వట్టిపోయిన కాలంలోనే పడి ఉంటుంది. పాలు తగ్గించే పని చివరిసారి పితకడానికి ముందే పూర్తి కావాలని, ఆ తర్వాత పొదుగును ముట్టుకోకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక మీ ఆవు విషయం. తగ్గించడం మొదలుపెట్టే ముందే, అంటే సెప్టెంబరు 30న గానీ అక్టోబరు 1న గానీ, నాలుగు చన్నుల పాలకూ, పైకి కనబడని పొదుగువాపును పట్టే సీఎంటీ పరీక్ష చేయించండి. పాలు బాగా తగ్గాక చేస్తే మంచి పొదుగులో కూడా కణాల సంఖ్య పెరిగి, పరీక్ష లేని జబ్బును చూపించవచ్చు. చేసే పద్ధతి చాలా సులువు. నాలుగు గుంటలున్న పళ్లెంలో, మొదటి రెండు మూడు ధారలు వదిలేసిన తర్వాత, ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో సుమారు రెండు మిల్లీలీటర్లు పిండి, అంతే పరిమాణంలో పరీక్ష ద్రావణం పోసి, పళ్లేన్ని పది పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పాలి. పాలు నీళ్లలాగే కదిలితే ఆ భాగం బాగున్నట్టు. జిగటగా మారి, పళ్లెం వంచినప్పుడు తీగలా సాగితే, లేదా ముద్దగా మధ్యకు చేరితే లోపల వాపు ఉన్నట్టు.

మీరు రాసినదాన్ని బట్టి కుడివైపు వెనక భాగం జిగట చూపించే అవకాశం ఎక్కువ. వాపు పైకి తగ్గినా మొదటి ధారల్లో పలుకులు రావడం అంటే లోపల జబ్బు కొనసాగుతున్నట్టే. దీనికి దిగులుపడకండి. పాలిచ్చే రోజుల్లో మొండికేసిన ఇలాంటి వాటిని నయం చేయడానికి వట్టిపోయిన కాలమే అనువైనది, ఎందుకంటే చన్నులోకి ఎక్కించిన మందు పాలతో కొట్టుకుపోకుండా వారాల తరబడి లోపలే ఉంటుంది. అయితే ఆ భాగంలో పాలు ఇప్పుడు పలుకులుగా, నీళ్లగా, రంగు మారి వస్తూ ఉంటే, పశువైద్యుడు ముందు ఆ వాపుకు చికిత్స చేసి, పాలు తేరుకున్నాకే వట్టిపోనివ్వాలి. జబ్బుతో మండుతున్న భాగంలో పాలు నిలవేస్తే అది చీముగా మారడానికి ఎంతో కాలం పట్టదు. వీలైతే ఆ చన్ను పాల నమూనాను ప్రయోగశాలకు పంపి ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోమని వైద్యుణ్ణి అడగండి. ఆ ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి కూడా పరీక్ష ముందుగా జరగాలంటున్నాను.

అక్టోబరు 1 నుంచి దాణా తగ్గించండి. ఆరు కిలోల నుంచి నాలుగుకు, 3వ తేదీన రెండుకు దించి, 5వ తేదీ నుంచి పూర్తిగా ఆపేయండి. ఆ అయిదు రోజుల్లోనే పచ్చిమేతను కూడా సగానికి తగ్గించి, ఆ లోటును ఎండుగడ్డితో నింపండి. పాల తయారీకి కావలసిన బలం తగ్గుతుంది గానీ ఆవు కడుపు మాత్రం నిండుగానే ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మేత తగ్గించమంటే పస్తు పెట్టమని అర్థం చేసుకుంటారు. ఏడో నెల చూడితో ఉన్న ఆవును పస్తు పెడితే ఒంటి కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయం మీద భారం పడుతుంది, ఆవు మేత ముట్టడం మానేస్తుంది, లోపలి దూడకూ మంచిది కాదు.

నీళ్లు తగ్గించడాన్ని నేను అసలు ఒప్పుకోను. నీళ్లు లేకపోతే పాలు తగ్గుతాయన్నది నిజమే, కానీ అది ఆవును హింసించి తగ్గించడం. ఎండుగడ్డి ఎక్కువగా తింటున్న రోజుల్లోనే ఆవుకు నీటి అవసరం ఎక్కువ, నీళ్లు చాలకపోతే పొట్టలో మేత గట్టిపడి నెమరు ఆగిపోతుంది. దాహంతో ఉన్న పశువు నీళ్లు కనబడగానే ఒక్కసారి తాగేయడం కూడా ప్రమాదమే. తొట్టిలో నీళ్లు ఎప్పటిలాగే ఉండనివ్వండి. దాణా, పచ్చిమేత తగ్గించి, పితికే పూటలు తగ్గిస్తే చాలు, పాలు వాటంతట అవే దిగుతాయి.

పితకడం అక్టోబరు 5 నుంచి ఒక్క పూటకే పరిమితం చేయండి. సాయంత్రం పితకడం ఆపి, ఉదయం మాత్రమే, అదీ రోజూ ఒకే వేళకు పితకండి. మొదటి రోజు ఉదయం పొదుగు మామూలు కంటే బిగువుగా ఉండి పదో పదకొండో లీటర్లు వస్తాయి. దాణా ఆపిన ప్రభావం కూడా తోడై, 9వ తేదీకి అవి ఏడెనిమిదికి దిగాలి. 10వ తేదీన అసలు పితకకుండా వదిలేయండి. 11వ తేదీ ఉదయం చివరిసారి పితకండి. ఆ రోజు తొమ్మిది లీటర్లు వచ్చాయనుకోండి, అవి రెండు రోజుల పాలు కాబట్టి ఆవు రోజుకు నాలుగున్నర లీటర్ల దగ్గరికి దిగిందని లెక్క. ఆ స్థితిలో పాలు ఆపేస్తే పొదుగు బిగుస్తుంది గానీ పగిలేంతగా కాదు. ప్రతి ఆవూ ఈ లెక్కనే పాటిస్తుందని కాదు. 9వ తేదీకి కూడా పన్నెండు లీటర్లకు తగ్గకపోతే కంగారుపడి ఆపేయవద్దు, ఒక్క పూట పితకడాన్ని మరో నాలుగైదు రోజులు పొడిగించండి. అరవైలోంచి ఆ నాలుగైదు రోజులు పోయినా నష్టం లేదు, చివరి రోజు వచ్చే పాలు తక్కువగా ఉండటమే ముఖ్యం.

ఈ రోజుల్లో పితికిన ప్రతిసారీ పొదుగును పూర్తిగా ఖాళీ చేయాలి. పాలు తగ్గాలి కదా అని సగం పితికి సగం వదిలేసే అలవాటు కొందరికి ఉంది. తగ్గించాల్సింది పితికే పూటలను, పితికే పాలను కాదు. సగం వదిలితే ఆ మిగిలిన పాలే సూక్ష్మజీవులకు మేత అవుతాయి, మీ ఆవు వంటి జబ్బు చేసిన భాగంలో ఇది మరీ చెడుపు చేస్తుంది. పితికిన వెంటనే నాలుగు చన్నులనూ అయోడిన్ ద్రావణంలో ముంచండి. రెండు పితుకుళ్ల మధ్య వ్యవధి పెరిగింది కాబట్టి ఈ ముంచడం ఇప్పుడు మామూలు రోజులకంటే ఎక్కువ అవసరం.

దూడ విషయంలో మీరు కొంచెం ముందే ఆలోచించాలి. దూడ కుడవకపోతే మీ ఆవు చేపదు కాబట్టి, 11వ తేదీ దాకా చేపడానికి మాత్రం దూడను కాసేపు విడవవచ్చు. కానీ కుడివైపు వెనక చన్ను దూడకు అందనివ్వకండి, ఆ నోటితోనే మిగతా చన్నులను కుడిస్తే జబ్బు పాకుతుంది. పూట మాన్పించిన సాయంత్రాలు దూడను ఆవు కంటికి కనబడని చోట కట్టండి. అక్టోబరు 11 తర్వాత దూడ తల్లిని చేరకుండా పూర్తిగా వేరు చేయాలి. దూడ ఎంత పెద్దదైనా అవకాశం దొరికితే తాడు తెంపుకొని కుడుస్తుంది, ఒక్కసారి కుడిస్తే చన్నుకు పడుతున్న బిరడా పోతుంది, పొదుగు మళ్లీ పాలు చేయడం మొదలుపెడుతుంది. అదే కారణంతో ఆవును మిగతా పాడి పశువులు పితికే చోటికి దూరంగా కట్టడం మేలు. పాలచెంబు చప్పుడుకే చేపే ఆవులుంటాయి.

చివరిసారి పితికే రోజు పనికి తొందరపడకండి, పావుగంట ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. చన్నుల్లోకి మందు ఎక్కించే పని పశువైద్యుడో, శిక్షణ ఉన్న సిబ్బందో చేయాలి, కానీ ఎలా చేయాలో మీకు తెలిసి ఉంటే అది సరిగా జరుగుతుందో లేదో గమనించగలరు. పొదుగును పూర్తిగా పితికి ఖాళీ చేశాక, చన్నుల మీద నీటి తడి కూడా లేకుండా పొడిగుడ్డతో తుడవాలి. ఆ తర్వాత స్పిరిట్‌లో తడిపిన దూదితో చన్ను కొసను, ముఖ్యంగా రంధ్రాన్ని, రుద్ది తుడవాలి. దూది మీద మురికి కనబడితే ఇంకో దూది తీసుకోవాలి, మురికి కనబడనంత వరకు ఆపకూడదు. ఒక దూది ఒక చన్నుకే. తుడిచేటప్పుడు మనకు దూరంగా ఉన్న రెండు చన్నులను ముందు, దగ్గరివాటిని తర్వాత తుడిస్తే, శుభ్రం చేసిన చన్నుకు చేయి తగలదు. మందు ఎక్కించేటప్పుడు దగ్గరివి ముందు, దూరంవి తర్వాత.

వట్టిపోయే ఆవుల కోసం ప్రత్యేకంగా వచ్చే ట్యూబులనే వాడాలి. పాలిచ్చే ఆవుకు పొదుగువాపు వస్తే వాడే ట్యూబులో మందు రెండు మూడు రోజుల్లో పోతుంది, ఇక్కడ అది చాలదు. ఒక చన్నుకు ఒక పూర్తి ట్యూబు వాడాలి గానీ, ఒకే ట్యూబును రెండు చన్నులకు పంచకూడదు. ట్యూబు కొసను రంధ్రంలోకి మూడు నాలుగు మిల్లీమీటర్ల కంటే లోతుగా దించనవసరం లేదు. పూర్తిగా దూర్చితే రంధ్రం సాగి లోపలి పొర గీరుకుపోతుంది, కొస మీద ఉన్న మురికి నేరుగా లోపలికి చేరుతుంది. మందు ఎక్కించాక చన్నును కింది నుంచి పైకి మెల్లగా నిమిరితే మందు పొదుగులోకి వెళ్తుంది.

దాని వెనకే టీట్ సీలెంట్ ఎక్కిస్తే, ప్రకృతి బిరడా పడే లోపు ఆ దారిని అది మూసి ఉంచుతుంది. అందులో ఉండేది బిస్మత్ లవణంతో చేసిన చిక్కటి ముద్ద, సూక్ష్మజీవులను చంపే గుణం దానికి లేదు. అందుకే దాన్ని పైకి నిమరకూడదు. చన్ను మొదలును, అంటే పొదుగుకు కలిసే చోట, రెండు వేళ్లతో పట్టుకుని ఎక్కిస్తే అది చన్నులోనే నిలుస్తుంది. చివరగా చన్నులన్నిటినీ అయోడిన్ ద్రావణంలో ముంచి, ఆవును కనీసం అరగంట శుభ్రమైన పొడి చోట నిలబడి ఉండేలా చూడాలి. ముందు ఎండుగడ్డి వేస్తే అదే నిలబడి తింటుంది.

నాలుగు భాగాలకూ యాంటీబయాటిక్ వేయాలా, జబ్బున్న ఒక్కదానికే చాలా అన్న ప్రశ్న మీకు రావచ్చు. మిగతా మూడు భాగాలు పరీక్షలో బాగున్నాయని తేలితే వాటికి సీలెంట్ మాత్రమే వేసి ఊరుకునే పద్ధతి ఉంది, యాంటీబయాటిక్ వాడకం తగ్గించడానికి అది మంచిదే. కానీ సీలెంట్ ఒక్కటే వేసేటప్పుడు శుభ్రత కొంచెం లోపించినా సూక్ష్మజీవిని లోపల పెట్టి తలుపు వేసినట్టవుతుంది, ఆపే మందు అక్కడ ఉండదు. ఒక భాగంలో పాత జబ్బు ఉన్న మీ ఆవుకు నా మొగ్గు నాలుగింటికీ మందు, ఆపైన సీలెంట్ వైపే. నమూనా ఫలితం చూశాక మీ వైద్యుడు వేరే నిర్ణయం తీసుకుంటే దానికే కట్టుబడండి. చన్ను రంధ్రంలోకి ఇంటి మందులు ఏవీ పోయవద్దు, పుల్లలు పెట్టవద్దు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు.

ఆ తర్వాతి పద్నాలుగు రోజులు మీ చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టమైన పని. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా పొదుగు నిండి బిగుస్తుంది, చన్నులు పక్కలకు విచ్చుకుంటాయి, ఆవు కొంచెం అసౌకర్యంగా కాళ్లు మారుస్తుంది. అది చూసి జాలిపడి కొంచెం పితికితే, బరువు దిగి ఆవు సుఖపడినట్టు కనిపిస్తుంది గానీ, పొదుగుకు మాత్రం పాలు ఇంకా కావాలన్న సంకేతం అందుతుంది, చన్నులో పెట్టిన మందు, సీలెంట్ బయటికి పోతాయి, మళ్లీ మొదటికి వస్తాం. పాలు ఎలా ఉన్నాయో చూద్దామని ఒక్క ధార తీయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. అయిదో రోజు తర్వాత బిగువు తగ్గడం మొదలై, పది రోజులకు పొదుగు మెత్తబడుతుంది, మూడు వారాలకు చర్మం ముడతలు పడి వేలాడుతుంది. పొదుగు మెత్తబడిన దాకా, అంటే సుమారు 20వ తేదీ దాకా, దాణా పెట్టవద్దు.

పితకకుండానే గమనించే మార్గాలున్నాయి. రోజుకు రెండుసార్లు ఆవు వెనక నిలబడి నాలుగు భాగాలనూ ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. నాలుగూ సమానంగా బిగిసి ఉంటే భయం లేదు. ఒక భాగం మాత్రమే పెద్దదిగా, ఎర్రగా ఉండి, అరచేతి వెనక వైపుతో తాకితే వేడిగా, నొక్కితే ఆవు తన్నేంత నొప్పిగా ఉంటే అది పొదుగువాపే. అయిదో రోజు తర్వాత బిగువు తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే కూడా అనుమానించాలి. ఆవు మేత మానేస్తే థర్మామీటరుతో జ్వరం చూడండి. ఆవుకు మామూలుగా 101 నుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, 103 దాటితే అదే రోజు వైద్యుణ్ణి పిలవాలి. ముట్టుకోకూడదన్న నియమం ఇక్కడ వర్తించదు. ఆ ఒక్క భాగాన్ని పూర్తిగా పితికి, చికిత్స చేసి, నయమయ్యాక మళ్లీ ట్యూబు ఎక్కిస్తారు. మిగతా మూడింటినీ కదపరు. ఆ భాగం చల్లబడి, నీలం రంగుకు తిరుగుతూ, ఆవు కుంగిపోతుంటే గంటలు కూడా ఆలస్యం చేయకూడదు.

పాలు కారడం మరో రకం హెచ్చరిక. చన్ను నుంచి బొట్లు బొట్లుగా పడుతుంటే ఆ దారి తెరిచి ఉన్నట్టు, అక్కడ జబ్బు సోకే అవకాశం మిగతావాటికంటే చాలా ఎక్కువ. అప్పుడు కూడా పితకకండి. కారిన పాలు తుడిచి, చన్నును అయోడిన్‌లో ముంచి, కింద పరుపు మార్చి, ఆ చన్ను మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. కారని చన్నులను కూడా మొదటి వారం పది రోజులు రోజూ ముంచడం మంచి అలవాటు. ఆవు పడుకునే నేల విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది: మీ మోకాలు రెండు నిమిషాలు అక్కడ ఆనించి లేస్తే బట్టకు తడి అంటకూడదు. అంటితే చన్ను కొస కూడా ఆ తడిలోనే రాత్రంతా ఉంటుంది. పేడ రోజుకు రెండుసార్లు తీసి, పొడి పొట్టో గడ్డో పరిచి ఉంచాలి. ఈగలు చన్ను కొసల మీద వాలి పుండ్లు చేస్తాయి, ఒక పొదుగు నుంచి మరో పొదుగుకు జబ్బును మోస్తాయి, కాబట్టి వట్టిపోయిన ఆవును ఓ మూల మురికిలో కట్టి మరిచిపోవడం తగదు. పాలివ్వని ఆవు కదా అని కొట్టంలో అన్నిటికంటే చెడ్డ చోటు దానికే దక్కడం నేను తరచూ చూస్తుంటాను.

పొదుగు తగ్గాక ఆవు ఒళ్లు చూసి మేత నిర్ణయించుకోవాలి. పక్కటెముకలు స్పష్టంగా కనబడుతుంటే రోజుకు ఒకటి రెండు కిలోల దాణా మళ్లీ మొదలుపెట్టండి, నిండుగా ఉంటే మంచి మేత చాలు. ఈ కాలంలో ఆవును లావెక్కించే ప్రయత్నం చేయవద్దు, సన్నబరిచే ప్రయత్నమూ చేయవద్దు. నవంబరు మూడో వారం నుంచి దాణాను కొద్దికొద్దిగా పెంచుతూ రెండు మూడు కిలోలకు తేవాలి. ఆ మూడు వారాలు కాల్షియం అధికంగా ఉన్న ఖనిజ మిశ్రమాలను మీ అంతట మీరు పెట్టవద్దు. అప్పుడు కాల్షియం అతిగా అందితే ఎముకల్లోంచి తీసుకునే అలవాటు శరీరానికి తప్పి, ఈనిన వెంటనే పాలజ్వరం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పొదుగు మళ్లీ నిండడం మొదలయ్యే ఈ రోజుల్లో పొదుగువాపు సోకే అవకాశం రెండోసారి పెరుగుతుంది కాబట్టి, చన్నులు ముంచడాన్ని, నేల పొడిగా ఉంచడాన్ని ఈనేదాకా మళ్లీ కొనసాగించండి. ఈనకముందే పొదుగు బిగిసిందని పితికి చూడవద్దు, జున్నుపాలు పోతాయి.

ట్యూబుల పెట్టె మీద పాలు వాడకూడని కాలం రాసి ఉంటుంది. ఎక్కించిన తేదీని, ఆ కాలాన్ని ఎవరైనా చూసేలా గోడ మీద రాసిపెట్టండి. ఆవు అనుకున్నదానికంటే పదిహేను రోజులు ముందే ఈనితే మందు అవశేషాలు పాలలో ఉండవచ్చు, అప్పుడు ఆ పాలను ఎన్ని రోజులు పక్కన పెట్టాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఈనిన తర్వాత మొదటిసారి పితికేటప్పుడు, దూడను విడవకముందే, ఒక్కో చన్ను నుంచి పది పన్నెండు ధారలు చేత్తో పిండి పారేయండి. తెల్లటి ముద్దలుగా వచ్చేది సీలెంట్, దాన్ని పొదుగువాపు పలుకులుగా భ్రమపడి చికిత్స మొదలుపెట్టినవాళ్లున్నారు. సీలెంట్ ముద్ద వేళ్ల మధ్య నలిపితే బంకలా జారుతుంది, పాల పలుకు మెత్తగా చితికిపోతుంది. అయిదో రోజున నాలుగు చన్నులకూ మళ్లీ సీఎంటీ పరీక్ష చేయండి. కుడివైపు వెనక భాగం అప్పటికి కూడా జిగట చూపిస్తే, ఆ చన్నును ప్రతిసారీ చివరన పితుకుతూ, ఈసారి నమూనా ఫలితం వచ్చేదాకా ఏ ట్యూబూ ఎక్కించకుండా వైద్యుడితో మాట్లాడండి.